బ్యాక్‌లాగ్ ఉండగా బార్ పరీక్ష రాయవచ్చా?

"అక్కా, మాది మదనపల్లె. ఏడేళ్లుగా బెంగళూరులో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. ఇక్కడే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరి ఇప్పుడు చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. నాలుగో సెమిస్టర్‌లో సీపీసీ పేపర్ ఒకటి మిగిలిపోయింది. ఆలిండియా బార్ ఎగ్జామ్ ఇప్పుడే రాయొచ్చా, లేక డిగ్రీ వచ్చి ఎన్‌రోల్ అయ్యాకే రాయాలా? ఉద్యోగం ఇప్పుడే వదిలేయాలా? పందొమ్మిది సబ్జెక్టులంటే టెన్షన్‌గా ఉంది. బేర్ యాక్టులు తీసుకెళ్లనిస్తారు కదా, అవి ఉంటే సరిపోదా? తెలుగులో రాస్తే తేలికా?" – ఎస్., మారతహళ్లి

అమ్మా, ముందు ఆ సీపీసీ, అంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ పేపర్ సంగతి చూడాలి. మీరు పరీక్ష హాల్లోకి వెళ్లగలరా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది.

ఈ పరీక్షను బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నడుపుతుంది. మొదటిసారి 2011 మార్చి 6న జరిగింది. 2009-10 విద్యాసంవత్సరం నుంచి లా పట్టా తీసుకున్నవాళ్లందరికీ ఇది తప్పనిసరి. అంతకు ముందు పట్టా పుచ్చుకున్న పెద్దలకు అవసరం లేదు. అందుకే మీ సీనియర్లలో కొందరు "మేమెప్పుడూ ఆ పరీక్ష రాయలేదే" అంటారు. వాళ్ల మాట విని మీకూ అక్కర్లేదనుకోకండి.

చాలా ఏళ్ల పాటు లోపలికి వెళ్లడానికి ఒకటే దారి ఉండేది. డిగ్రీ పూర్తి చేసి, రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో అడ్వకేట్‌గా పేరు నమోదు చేయించుకుని, ఆ నంబరుతో దరఖాస్తు పెట్టాలి. 2023 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం బోనీ ఫోయి లా కాలేజీ కేసులో తీర్పు ఇచ్చింది. పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్‌కు ఉందని తేల్చింది. దానితో పాటు, చివరి సెమిస్టర్ చదువుతున్న విద్యార్థులను కూడా రాయనివ్వవచ్చని చెప్పింది. డిగ్రీ చేతికొచ్చి, ఎన్‌రోల్‌మెంట్ పూర్తయ్యేదాకా నెలలకు నెలలు పిల్లలు ఖాళీగా కూర్చోవలసి వస్తోందన్నది ఆ ఆలోచన వెనకున్న బాధ. అయినా నోటిఫికేషన్లలో ఆ మార్పు వెంటనే రాలేదు. 2024లో విద్యార్థులు మళ్లీ సుప్రీంకోర్టుకు వెళితే, ఆ ఏడాది పరీక్షకు చివరి ఏడాది వాళ్లను రిజిస్టర్ చేసుకోనివ్వమని సెప్టెంబరులో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. అలా రెండో దారి తెరుచుకుంది.

కానీ ఆ రెండో దారికి ఒక షరతు ఉంది. చివరి సెమిస్టర్‌కు ముందున్న సెమిస్టర్లన్నీ పాసై ఉండాలి. బ్యాక్‌లాగ్ లేదని, చివరి సెమిస్టర్ చదవడానికి అర్హత ఉందని కాలేజీ కాగితం ఇవ్వాలి. మీకు నాలుగో సెమిస్టర్ పేపర్ మిగిలి ఉంది కాబట్టి ఈరోజు మీ ప్రిన్సిపాల్ ఆ కాగితం మీద సంతకం పెట్టలేరు. పెట్టించుకోవాలని ప్రయత్నించకండి కూడా. విద్యార్థిగా రాసి పాసైనా, డిగ్రీ పూర్తయితేనే ఆ ఫలితం చెల్లుతుంది. తర్వాత ఎన్‌రోల్‌మెంట్ దగ్గర మార్కుల మెమోలన్నీ వరుసగా చూస్తారు. మెమో మీది తేదీ, కాలేజీ ఇచ్చిన కాగితం మీది తేదీ పొంతన కుదరకపోతే అక్కడే దొరికిపోతుంది.

అందుకని ఇలా చేయండి. మీ యూనివర్సిటీ ఆ సీపీసీ పేపర్ మళ్లీ ఎప్పుడు పెడుతోందో, ఫలితం ఎప్పుడు వస్తుందో కాలేజీ ఆఫీసులో కనుక్కోండి. ఆ ఫలితం తేదీని బార్ పరీక్ష దరఖాస్తు గడువు పక్కన పెట్టి చూడండి. ఫలితం ముందు వస్తే విద్యార్థిగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు తర్వాత వస్తే ఈసారికి వదిలేసి, డిగ్రీ తీసుకుని, ఎన్‌రోల్ అయ్యి రాయండి. ప్రతి నోటిఫికేషన్‌లోనూ అర్హతల భాగం ఉంటుంది. allindiabarexamination.com లో దాన్ని మీరే తెరిచి చదవండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో పోయినేడాది నోటీసు పంపితే దాన్ని పట్టుకుని తేదీలు లెక్కేసుకోవద్దు.

ఇక ఉద్యోగం. మీ విషయంలో దారి ఎంచుకోవడానికి ఇది కూడా పెద్ద కారణమే. పరీక్ష రాయడానికి ఉద్యోగం అడ్డు కాదు, ఎన్‌రోల్‌మెంట్‌కే అడ్డు. బార్ కౌన్సిల్ నిబంధనల్లో 49వ నిబంధన ప్రకారం ప్రాక్టీసు చేసే అడ్వకేటు పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగిగా ఉండకూడదు. ఎన్‌రోల్ అయ్యేటప్పుడు మీరు ఏ ఉద్యోగంలోనూ లేరని రాసివ్వాలి. అంటే విద్యార్థిగా రాయగలిగితే పరీక్ష అయ్యేదాకా జీతం వస్తూనే ఉంటుంది, ఎన్‌రోల్‌మెంట్ రోజు దగ్గరపడ్డాక రాజీనామా ఇవ్వవచ్చు. డిగ్రీ తీసుకుని ఎన్‌రోల్ అయ్యి రాసేటట్లయితే ముందు రాజీనామా, తర్వాత ఎన్‌రోల్‌మెంట్, ఆ తర్వాత పరీక్ష. ఇంటి అద్దె, ఈఎంఐ ఉన్న మనిషికి ఈ రెండింటి మధ్య తేడా కొన్ని నెలల జీతం. ఆ ఒక్క సీపీసీ పేపర్ విలువ మీకు అంతుంది. ఉద్యోగం దాచి ఎన్‌రోల్ అయితే మాత్రం, తప్పుడు వివరాలతో పేరు ఎక్కించుకున్నారని అడ్వకేట్స్ చట్టం 26వ సెక్షన్ కింద జాబితా నుంచి పేరు తీసేసే అధికారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఉంది.

ఎక్కడ ఎన్‌రోల్ అవ్వాలని మీరు అడగలేదు కానీ, మదనపల్లె అన్నారు కాబట్టి చెబుతున్నాను. మీరు ఎక్కడ ప్రాక్టీసు చేయదలచుకున్నారో ఆ రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. బెంగళూరులో ఉండిపోయేటట్లయితే అంబేడ్కర్ వీధిలో ఉన్న కర్ణాటక స్టేట్ బార్ కౌన్సిల్‌కు వెళ్లండి. ఆంధ్రలోనూ ఒకటి, ఇక్కడా ఒకటి అని రెండు చోట్ల ఉండటం కుదరదు. తర్వాత ఊరికి వెళ్లిపోవాలనిపిస్తే బదిలీ చేయించుకోవచ్చు. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు. అంతకు మించి వసూలు చేయకూడదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పరీక్ష ఫీజు దీనికి వేరు.

ఎన్‌రోల్ అయ్యాక పరీక్ష పాసవ్వడానికి రెండేళ్లు గడువు ఉంటుంది. ఆ రెండేళ్లూ తాత్కాలికంగా ప్రాక్టీసు చేసుకోవచ్చు. ఆ లోపు పాసవ్వకపోతే ప్రాక్టీసు ఆగిపోతుంది కానీ పరీక్ష రాసే హక్కు పోదు. ఎన్నిసార్లయినా రాయవచ్చు, వయసు పరిమితీ లేదు. పాసైతే సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ వస్తుంది.

ఇప్పుడు మీ టెన్షన్ దగ్గరికి వద్దాం. పేపర్‌లో 100 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక మార్కు, నాలుగేసి జవాబులు. సమయం మూడున్నర గంటలు. ఓఎంఆర్ షీట్ మీద పెన్నుతో గుండ్రాలు నింపాలి. తప్పు జవాబుకు మార్కులు తీయరు. ఇటీవలి నోటిఫికేషన్ల ప్రకారం జనరల్, ఓబీసీ వాళ్లకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం వస్తే పాస్. ఇది ర్యాంకుల పరీక్ష కాదు. పక్కవాడికి 80 వచ్చినా మీ 46కు ఏమీ కాదు.

సబ్జెక్టులు పందొమ్మిదే కానీ బరువు అన్నిటికీ సమానంగా లేదు. రాజ్యాంగం 10, సీపీసీ 10, క్రిమినల్ ప్రొసీజర్ 10, శిక్షాస్మృతి 8, సాక్ష్య చట్టం 8. ఈ అయిదూ కలిపితేనే 46. వీటికి ఫ్యామిలీ లా 8, కాంట్రాక్టు, ఆస్తి బదిలీ, స్పెసిఫిక్ రిలీఫ్, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఉన్న గుంపు 8 కలిపితే 62. అంటే ఏడు గుంపులు గట్టిగా చదివి అరవై రెండింటిలో నలభై అయిదు తెచ్చుకోవాలి, ఇది అందుకోగలిగేదే. మిగిలిన పన్నెండు సబ్జెక్టులకు కలిపి 38 మార్కులే. మోటారు వాహనాలు, వినియోగదారుల చట్టంతో కలిసిన టార్టుకు 5, ఆర్బిట్రేషన్, లేబర్, ట్యాక్స్, పిల్, వృత్తి నియమావళి నాలుగేసి, అడ్మినిస్ట్రేటివ్ లా 3. కంపెనీ, పర్యావరణం, సైబర్, భూసేకరణ, మేధోసంపత్తి రెండేసి. రెండు మార్కుల కంపెనీ లా కోసం అకౌంట్స్ అనుభవం ఉంది కదా అని వారం పెట్టకండి. మీకు తెలిసిన సబ్జెక్టు కాబట్టి అటే మనసు లాగుతుంది, కానీ అక్కడ దొరికేది రెండే.

వృత్తి నియమావళి మాత్రం వదలకండి. దానికి నాలుగే మార్కులు కానీ చదవాల్సింది చాలా కొద్ది. అడ్వకేట్స్ చట్టంలో 35వ సెక్షన్ దుష్ప్రవర్తనకు శిక్ష, 37 బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు అప్పీలు, 38 సుప్రీంకోర్టుకు అప్పీలు, రెండు అప్పీళ్లకూ 60 రోజులు. ఇవి, బార్ కౌన్సిల్ నిబంధనల్లో క్లయింటు పట్ల, కోర్టు పట్ల లాయరు బాధ్యతలు ఉన్న అధ్యాయం ఒక ఆదివారం మధ్యాహ్నానికి అయిపోతాయి.

బేర్ యాక్టులు, అంటే చట్టం మాట మాత్రమే ఉండే పుస్తకాల విషయంలో చాలామంది మోసపోతారు. మొదట్లో ఇది పుస్తకాలన్నీ తెచ్చుకుని రాసే పరీక్ష. 2021 నుంచి గైడ్లు, నోట్సు బంద్. నోట్సు లేని బేర్ యాక్టులకే అనుమతి. "నోట్సు లేని" అన్న ఆ రెండు మాటల దగ్గరే దెబ్బ తింటారు. నా దగ్గర జూనియర్‌గా ఉన్న ఒకమ్మాయి అవెన్యూ రోడ్డులో కొత్త పుస్తకం కొనుక్కుని వెళ్లింది. తను ఒక్క గీత కూడా గీయలేదు. కానీ ఆ పుస్తకంలో సెక్షన్ల కింద చిన్న అక్షరాల్లో ప్రచురణకర్తే "కామెంట్స్" అని కేసుల సారాంశాలు వేశాడు. గేటు దగ్గర ఇన్విజిలేటర్ పేజీలు తిప్పి చూసి పక్కన పెట్టేశారు. ఆమె సీపీసీ లేకుండానే లోపలికి వెళ్లింది, ఆసారి పోయింది. కాబట్టి కొనేటప్పుడు అట్ట మీద బేర్ యాక్ట్ అని ఉందా అని కాక, లోపల ఏవైనా నాలుగు సెక్షన్లు తెరిచి వాటి కింద చట్టం మాట తప్ప ఇంకేమైనా ఉందా చూడండి. ఇంట్లో చదువుకోవడానికి ఒక కాపీ, హాలుకు ఒక ఖాళీ కాపీ పెట్టుకోండి. చదివే కాపీలో పెన్సిల్‌తో రాసుకున్నవి పరీక్ష ముందు రాత్రి చెరిపేద్దాం అనుకుంటే మచ్చలు మిగులుతాయి, అవతలివాళ్లకు అనుమానం వస్తుంది.

సరే, పుస్తకం చేతిలో ఉంది, అది ఉంటే సరిపోతుందా? లెక్క చూడండి. 210 నిమిషాలు, 100 ప్రశ్నలు. ఒక్కోదానికి రెండు నిమిషాల చిల్లర. పుస్తకం వెతకడానికి ఒక్కోసారి నాలుగైదు నిమిషాలు పడుతుంది. అన్నిటికీ తెరిస్తే సగం దగ్గరే గంట కొడతారు. పుస్తకం పనికొచ్చేది ఎక్కడ వెతకాలో ముందే తెలిసినవాళ్లకే.

మీ సీపీసీతోనే ఉదాహరణ చెబుతాను. ప్రశ్న ఇలా ఉందనుకోండి: ప్రతివాది హాజరు కాకపోవడంతో ఎక్స్‌పార్టే డిక్రీ వచ్చింది. సమన్లు తనకు సరిగా అందలేదని అతను అంటున్నాడు. ఆ డిక్రీని కొట్టేయించుకోవడానికి అదే కోర్టులో ఏ నిబంధన కింద అడగాలి? సీపీసీ రెండు ముక్కలుగా ఉంటుంది. ముందు 158 సెక్షన్లు, తర్వాత మొదటి షెడ్యూల్‌లో ఆర్డర్లు, వాటిలో రూల్సు. ఈ సంగతి మనసులో లేనివాళ్లు "ఎక్స్‌పార్టే" అన్న మాట కోసం సెక్షన్ల పట్టిక అంతా వేలితో గాలిస్తారు. అక్కడ దొరకదు. వాది, ప్రతివాది హాజరు గురించి ఉండేది ఆర్డర్ 9 అని తెలిసినవాళ్లు నేరుగా షెడ్యూల్‌కు వెళ్లి, ఆర్డర్ 9లో రూల్ 13 చూసి నిమిషంలో గుండ్రం నింపేస్తారు. ఆర్డర్ 7 దావా అర్జీ, ఆర్డర్ 8 ప్రతివాది జవాబు, ఆర్డర్ 9 హాజరు, ఆర్డర్ 21 డిక్రీ అమలు, ఆర్డర్ 39 ఇంజంక్షన్లు. ఈ అయిదు నంబర్లూ మీకు బ్యాక్‌లాగ్ పేపర్‌లోనూ పనికొస్తాయి, బార్ పరీక్షలోనూ పనికొస్తాయి. ఒక చదువుతో రెండు పరీక్షలకు సిద్ధపడే అవకాశం మీకొచ్చింది, సీపీసీ నుంచే మొదలుపెట్టండి.

క్రిమినల్ చట్టాల్లో ఇంకో చిక్కు. 2024 జులై 1 నుంచి కొత్తవి వచ్చాయి. ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియమ్. సిలబస్‌లో పాతవి, కొత్తవి పక్కపక్కనే పెట్టారు. ఇక్కడ నంబర్లు అయోమయం చేస్తాయి. పాత సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టు అంతర్గత అధికారాలు. కొత్త సంహితలో అదే 482 ముందస్తు బెయిల్, హైకోర్టు అధికారాలు 528కి వెళ్లాయి. ఐపీసీ 302 హత్యకు శిక్ష. న్యాయ సంహితలో హత్యకు శిక్ష 103, అక్కడ 302 అంటే మతభావాలు గాయపరిచే మాటలు. 420 అయితే కొత్తదాంట్లో లేనే లేదు, మొత్తం సెక్షన్లే 358. మోసం 318లో ఉంది. అందుకే జవాబుల్లో నంబరు కనిపించగానే చేయి దానంతటదే పాత 302 మీదికి పోకుండా, ప్రశ్నలో ఏ చట్టం పేరుందో దాని కింద ముందు ఒక గీత గీసుకోండి.

చట్టం పేరు లేకుండా తేదీ ఇచ్చి అడగవచ్చు. 2024 జూన్ 10న హత్య జరిగింది, ఆగస్టులో నిందితుడు దొరికాడు, ఏ చట్టం కింద శిక్ష? పట్టుబడ్డది కొత్త చట్టం వచ్చాక కాబట్టి 103 అనిపిస్తుంది. కానీ నేరం జరిగిన రోజున అమల్లో ఉన్నది ఐపీసీ, కాబట్టి 302. కారణం రాజ్యాంగంలో ఆర్టికల్ 20(1)లో ఉంది. న్యాయ సంహిత చివరి సెక్షన్ 358 కూడా పాత నేరాల బాధ్యతను అలాగే ఉంచింది. ఇలాంటి ప్రశ్నకు రెండు పుస్తకాలు తెరవక్కర్లేదు, తేదీ చూస్తే చాలు.

తెలుగు సంగతి. తెలుగు పేపర్ ఉంది, దరఖాస్తులోనే భాష ఎంచుకోవాలి. మీరు మీ ఎల్‌ఎల్‌బీ ఏ భాషలో చదివారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. బెంగళూరు కాలేజీ కాబట్టి ఇంగ్లిషులోనే చదివి ఉంటారు, మీ బేర్ యాక్టులూ ఇంగ్లిషువే. పేపర్‌లో "వాదపత్రం" అని ఉంటే అది ప్లెయింట్ అని, దాన్ని ఆర్డర్ 7లో చూడాలని మీకు వెంటనే తట్టాలి. తట్టకపోతే ప్రతి ప్రశ్ననూ మనసులో ఒకసారి తిప్పుకోవాలి, ఉన్న రెండు నిమిషాల్లో సగం దానికే పోతుంది. నాకు తెలుగు మీద ఎంత ప్రేమ ఉన్నా, ఇంగ్లిషులో చదివినవాళ్లకు ఇంగ్లిషు పేపరే రాయమని చెబుతాను. తెలుగు మాధ్యమంలో లా చదివి, తెలుగు చట్టం పుస్తకాలు చేతిలో ఉన్నవాళ్లకు తెలుగు పేపర్ నిజంగా మేలు. ఇక్కడి కింది కోర్టుల్లో కన్నడ కావాలి, అది ప్రాక్టీసులో నేర్చుకుంటారు. పరీక్షకు మాత్రం కన్నడ వచ్చి తీరాలన్న నియమం లేదు.

హాల్లో మొదటి గంటన్నర పుస్తకం ముట్టుకోకుండా, తెలిసినవన్నీ నింపుతూ వంద ప్రశ్నలూ ఒకసారి దాటిపోండి. వెతికితే దొరుకుతుందనిపించినవాటికి ప్రశ్నపత్రం మీద పక్కన ఒక చుక్క పెట్టుకోండి. మిగతా రెండు గంటల్లో చివరి పావుగంట వదిలి, చుక్కలున్నవాటికే పుస్తకం తీయండి. ఒక చట్టం తెరిచినప్పుడు ఆ చట్టం ప్రశ్నలన్నీ ఒకేసారి ముగించండి. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఆ చివరి పావుగంటలో ఒక్క గుండ్రం కూడా ఖాళీగా వదలకండి. అన్నిటికన్నా ముందు, ప్రశ్నపత్రం ఇవ్వగానే దాని మీదున్న సెట్ కోడ్ ఓఎంఆర్ షీట్‌లో నింపండి. అది తప్పితే మీ జవాబులను ఇంకో సెట్ కీతో దిద్దుతారు.

సోమవారం కాలేజీ ఆఫీసుకు వెళ్లి సీపీసీ పేపర్ ఫలితం తేదీ కనుక్కుని నాకు మళ్లీ రాయండి. రాజీనామా లెటర్ అప్పటిదాకా ఇవ్వకండి.